1940ల గౌను అని అమ్మారు: జిప్పు, లేబుల్, కుట్టు, గుడ్డ చూసి ఏ కాలందో తేల్చడం ఎలా?

శ్రావ్య_ఎడిసన్
న్యూజెర్సీలో ఒక పాతబట్టల దుకాణంలో ముదురు నీలం గౌను కొన్నాను. చీటీ మీద "1940లు" అని రాసి, ఆ ధరే వేశారు. వారంలోపు వాపసు ఇవ్వొచ్చు. ఎడమ పక్క చంక కింది నుంచి తుంటి దాకా ఇత్తడి రంగు లోహపు జిప్పు ఉంది. నడుము బిగువు, కింద బాగా ఘేరా ఉన్న పావడా. గుడ్డ మెరుస్తుంది, పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది. భుజాల దగ్గర నీలం కాస్త ఎర్రబారింది. మెడ వెనక ఒక దుకాణం పేరున్న నేత లేబుల్ ఉంది, ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఇది నిజంగా 1940లదేనా? ఏమేం చూడాలి?

కాజా_బటన్
పక్క జిప్పు, అదీ లోహంది అంటే ఇంక అనుమానమే లేదండి, 40లదే. 50లు వచ్చేసరికి జిప్పు వీపు మధ్యకి పోయింది, 60ల్లో నైలాన్ వచ్చింది. లోపల అంచులు ఓవర్‌లాక్ చేశారా, పళ్ళ కత్తెరతో కోశారా చూడండి. పళ్ళ కత్తెర అయితే ఖాయం చేసుకోవచ్చు. ఎర్రబారడం ఎండకి వచ్చింది, పట్టించుకోకండి.

సూదిమొన
కాజా గారు చెప్పిన వరస దాదాపు సరైనదే గాని, దాన్ని పట్టుకుని "40లదే" అనడం కుదరదు. అమెరికాలో గౌన్లకి జిప్పు 1930ల నడిమి నుంచి అలవాటైంది. పక్క కుట్టులో లోహపు జిప్పు అప్పటినుంచి 1960ల మొదటి ఏళ్ళ దాకా వచ్చింది. 50ల్లో వీపు జిప్పు పెరిగిన మాట నిజమే. అయినా మెడ వెనక వీపు కోత బాగా కిందికి ఉన్న గౌన్లకి, వీపు మీద అతుకు కనపడకూడదనుకున్న గౌన్లకి పక్క జిప్పే పెడుతూ వచ్చారు. నైలాన్ చుట్ట జిప్పు 1960 చుట్టుపక్కల గౌన్లలో మొదలైనా, లోహాన్ని పూర్తిగా నెట్టేయడానికి ఆ దశాబ్దం చివరిదాకా పట్టింది. కాబట్టి లోహపు పక్క జిప్పు చూపించే కాలం పాతికేళ్ళు. పైగా గౌనులో అందరికన్నా ముందు పాడయ్యేది, మార్చేసేది అదే.

కాలం తేల్చేటప్పుడు పాత లక్షణాల కోసం కాదు, కొత్త లక్షణం కోసం వెతకాలి. గౌనులో మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికన్నా ఆలస్యంగా పుట్టింది ఏదో, గౌను దానికన్నా పాతది కాలేదు. 1938 నాటి లక్షణాలు పది ఉన్నా, 1960 నాటిది ఒక్కటుంటే 1960 తర్వాతే. అసలు చిక్కంతా ఆ ఒక్కటి మొదటినుంచీ ఉందా, తర్వాత చేర్చారా అన్న దగ్గరే.

శ్రావ్య గారూ, గౌనుని లోపల బయటికి తిప్పి టేబుల్ మీద పరిచి నాలుగు సంగతులు చెప్పండి. జిప్పు టేపు నూలుదా, మెరిసే సింథటిక్‌దా? జిప్పు కుట్టిన దారం, పక్కనున్న అతుకు దారం ఒకటేనా? జిప్పు పైకొస వదులుగా ఉందా, గుడ్డతో మూసుకుపోయి ఉందా? ఘేరా కింది అంచు చుట్టు కొలత ఎంత?

శ్రావ్య_ఎడిసన్
టేపు నూలుదే, గౌను రంగుకి కాస్త తేడాగా వెలిసిపోయింది. దారం రెండు చోట్లా ఒకేలా ఉంది, మెరుపు లేదు. జిప్పు పైకొస మూసుకుపోయి ఉంది, దానిపైన చంక దాకా మామూలు అతుకే. రన్నర్ మీద టాలన్ అని అచ్చు ఉంది. కింది అంచు చుట్టు కొలిస్తే 128 అంగుళాలు.

సూదిమొన
మంచి వివరాలు. రెండు కొసలా మూసి ఉండే జిప్పు ఆ కాలపు పక్క కుట్టు జిప్పుల పద్ధతే. గౌను తల మీదుగా వేసుకుని, నడుము దగ్గర వెడల్పు కోసమే తెరిచేవాళ్ళు. టాలన్ అప్పట్లో అమెరికాలో పెద్ద కంపెనీ, దశాబ్దాలపాటు అమ్మింది. కాబట్టి పేరు ఒక్కటే ఏడాది చెప్పదు.

జిప్పు మొదటిదేనా అన్నది ఇలా తేలుతుంది. మార్చిన జిప్పు పక్కన పాత కుట్టు రంధ్రాల వరస మిగిలిపోతుంది. మెరిసే గుడ్డలో ఆ రంధ్రాలు మూసుకోవు, కిటికీ వెలుతురుకి పట్టుకుంటే చుక్కల్లా కనపడతాయి. పాత జిప్పు అంచు దగ్గర గుడ్డ మీద మడత గీత కూడా ఉంటుంది. టేపు పొడవు, తెరుచుకునే చీలిక పొడవు సరిపోకపోయినా అనుమానించాలి. ఇవేవీ లేకపోతే జిప్పు మొదటిదని అనుకోవచ్చు.

128 అంగుళాల ఘేరా మాత్రం 40ల మాటకి పెద్ద దెబ్బ. 1942 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధ ఉత్పత్తి బోర్డు ఎల్-85 అనే ఉత్తర్వు తెచ్చింది. ఆడవాళ్ళ బట్టల్లో పావడా వెడల్పుకి, పొడవుకి, మడత అంచుకి హద్దులు పెట్టింది. 1946 దాకా అది అమల్లో ఉంది. లోహం కూడా యుద్ధానికే పోయింది కాబట్టి ఆ ఏళ్ళలో చాలా గౌన్లకి జిప్పు బదులు హుక్కులు, టిచ్ బటన్లు వచ్చాయి. ఇంత ఘేరా ఉన్న రెడీమేడ్ అమెరికన్ గౌను ఆ నడుమ ఏళ్ళది కావడం కష్టం. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో డియోర్ చూపించిన నడుము బిగువు, ఘేరా పావడా తర్వాతే ఈ రూపం అందరి చేతికీ వచ్చింది. అంటే 40లైతే చివరి రెండు మూడేళ్ళే. అదీ ఇంకా చూడాల్సినవి ఒప్పుకుంటేనే.

ప్రసాద్_నేతశాస్త్రం
ఎర్రబారడం గురించి ఒక మాట. ఎండకి వెలిస్తే నీలం పాలిపోతుంది, తెల్లబారుతుంది. నీలం ఊదాగా, ఎర్రగా తిరిగితే అది వేరే జబ్బు. అసిటేట్ గుడ్డకి వేసే కొన్ని నీలం రంగులు గాలిలోని నత్రజని ఆక్సైడ్ల వల్ల, అంటే గ్యాసు పొయ్యిలు, హీటర్ల పొగ వల్ల అలా మారతాయి. బీరువాలో వేలాడదీసిన బట్టకి పైకి ఉన్న భుజాలు, మడతల వెలుపలి అంచులు ముందు మారతాయి. మీ గౌనులో జిప్పు లోపలి మడత తెరిచి చూడండి, అక్కడ అసలు నీలం అలాగే ఉంటే అది అసిటేట్ కావచ్చని ఒక ఆధారం.

ఖాయం చేసుకోవాలంటే కింది మడత లోపలినుంచి గుడ్డ పీసు కాకుండా ఒక పోగు, సెంటీమీటరు రెండు సెంటీమీటర్లు, లాగండి. నిలువు పోగు, అడ్డ పోగు రెండూ విడిగా చూడాలి. చాలామంది ఒకటే పోగు కాల్చి నిర్ణయానికి వస్తారు, కాని నిలువు ఒకటి, అడ్డం ఇంకొకటి ఉన్న గుడ్డలు చాలా ఉన్నాయి. పట్టకారతో పట్టుకుని సింకు మీద కాల్చండి.

నూలు, రేయాన్ రెండూ కాగితం కాలిన వాసనతో త్వరగా కాలి, మెత్తటి బూడిదగా మిగులుతాయి. ఈ పరీక్షకి ఆ రెంటినీ విడదీసే శక్తి లేదు. పట్టు, ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన, నలిపితే పొడయ్యే నల్లటి ఉండ. అసిటేట్ కరుగుతూ కాలుతుంది, వెనిగర్ లాంటి పుల్లటి వాసన, గట్టి నల్ల ఉండ. పాలిస్టర్, నైలాన్ కూడా కరిగి గట్టి ఉండ అవుతాయి కాని ఆ పుల్లటి వాసన ఉండదు.

అనుమానం మిగిలితే ఇంకో పోగు గాజు గిన్నెలో వేసి, పక్కా అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రెండు చుక్కలు వేయండి. "అసిటోన్ లేనిది" అని రాసి ఉన్న సీసా పనికిరాదు. అసిటేట్ అయితే జిగురుగా మారి కరిగిపోతుంది. గౌను మీద నేరుగా చుక్క వేశారో, అక్కడ గుడ్డ కరిగి రంధ్రం పడుతుంది. దయచేసి వేయకండి.

మణి_సికింద్రాబాద్
ఇది బాగుంది. మా ఇంట్లో అమ్మమ్మ వాళ్ళ అక్కది ఒక తెల్ల ఫ్రాకు ఉంది, సికింద్రాబాద్‌లో దర్జీ కుట్టింది. లేబుల్ లేదు, జిప్పు లేదు. మీరు చెప్పిన లెక్కలు దానికి ఎలా వాడాలి? దాన్ని అమ్మితే ఎంత వస్తుంది?

సూదిమొన
మణి గారూ, లేబుల్ చట్టాలన్నీ అమెరికా రెడీమేడ్‌వి. దర్జీ చేతి కుట్టుకి అవి వర్తించవు. లేబుల్ లేకపోవడం అక్కడ ఏ ఆధారమూ కాదు. గుడ్డ, దారం, కుట్టు మిషనా చేతి కుట్టా, బటన్ పదార్థం, కట్టింపు, వీటి మీదే నడవాలి. ఫోటోలతో వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపేస్తే రెండూ తేలవు. ధర ఈ విభాగంలో చెప్పం.

శ్రావ్య_ఎడిసన్
ప్రసాద్ గారు చెప్పినట్టే చేశాను. జిప్పు మడత లోపల గుడ్డ స్వచ్ఛమైన నీలం, బయట ఊదా. రెండు పోగులూ కరిగి కాలాయి, ఊరగాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన. అసిటోన్‌లో ఒక నిమిషం లోపే కరిగింది.

ఇంకోటి. ఎడమ పక్క కుట్టు లోపల, నడుము దగ్గర ఇంకో చిన్న తెల్ల లేబుల్ దొరికింది. "100% అసిటేట్" అని అచ్చు, కింద RN అని 17తో మొదలయ్యే ఐదంకెల నంబరు. చివరి అంకెలు రాయడం లేదు. దాని కిందే మరో చిన్న లేబుల్, గుండ్రటి ముద్ర, ILGWU, AFL-CIO అని ఉంది. ఉతికే పద్ధతి ఎక్కడా రాసి లేదు.

సూదిమొన
ఇవి దొరికాయంటే పని చాలావరకు అయిపోయినట్టే. ఒక్కొక్కటి తీసుకుందాం.

ILGWU అంటే అమెరికాలో ఆడవాళ్ళ దుస్తులు కుట్టేవాళ్ళ సంఘం. దాని ముద్ర కాలంతో మారింది. ఆ సంఘం 1940లో AFL అనే కార్మిక సంఘాల సమాఖ్యలో మళ్ళీ చేరింది. AFL, CIO రెండు సమాఖ్యలూ 1955 డిసెంబరులో కలిసిపోయాయి. కాబట్టి ముద్రలో రెండు పేర్లూ కలిపి ఉన్నాయంటే గౌను 1955 చివరికన్నా పాతది కాలేదు. ఒట్టి AFL ఉంటే అంతకు ముందుది. 1974లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల కొత్త ముద్ర వచ్చింది, మీది ఆ రంగుల్లో లేదని అనుకుంటున్నాను. ఈ ఒక్క ముక్కతోనే దుకాణం వాళ్ళ "1940లు" కొట్టుకుపోయింది.

ఇక గుడ్డలో ఏముందో చెప్పే లేబుల్. ఉన్నికి 1941 నుంచే అలా రాయాలన్న చట్టం అమల్లో ఉంది. మిగతా నార గుడ్డలన్నిటికీ 1958లో చట్టం చేసి, 1960 మార్చి 3 నుంచి అమలు చేశారు. నార పేరు, శాతం రెండూ రాయాలి. కొందరు అంతకు ముందే సొంతంగా రాశారు, కాబట్టి "100% అసిటేట్" అని చూసి 1960 అనేయకూడదు. కాని శాతంతో పాటు RN నంబరు ఒకే లేబుల్ మీద, ఇంత శుభ్రంగా, చట్టం అడిగిన వరసలో ఉంటే అది చట్టం తర్వాతి అలవాటే.

RN నంబరు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తయారీదారుకో, దుకాణానికో ఇచ్చేది. ఈ ఐదంకెల వరస 1959లో 13670 నుంచి మొదలైంది. సేకర్తలు వాడే అంచనా లెక్క ఒకటుంది:

```
(RN − 13670) ÷ 2635 + 1959
```

మీ నంబరు 17000, 17999 మధ్య ఎక్కడున్నా 17000కి 1960.3, 17999కి 1960.6 వస్తుంది. అంటే 1960 నడిమి. ఇది కచ్చితమైన తేదీ కాదు, సగటు వేగం మీద వేసిన లెక్క. అదీ మొదటి కొన్నేళ్ళ ఐదంకెల నంబర్లకే పనికొస్తుంది, ఆ తర్వాత నంబర్లు ఇచ్చే వేగం మారింది. ముఖ్యంగా, ఆ ఏడాది కంపెనీకి నంబరు వచ్చిన ఏడాది, గౌను కుట్టిన ఏడాది కాదు. కంపెనీ అదే నంబరుని ఇరవై ఏళ్ళు వాడొచ్చు. కనుక ఇది కింది హద్దు మాత్రమే.

పై హద్దుకి ఉతికే సూచన. 1972 జూలై నుంచి అమెరికాలో ఉతికే పద్ధతి చెప్పే శాశ్వత లేబుల్ తప్పనిసరి అయింది. అది లేకపోవడం గౌను అంతకు ముందుదని సూచిస్తుంది. కాని లేకపోవడం ఉండటమంత గట్టి ఆధారం కాదు. గీసుకుంటుందని లేబుల్ కత్తిరించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కత్తిరిస్తే అతుకులో పీచుల కొస మిగులుతుంది, వేలితో తడిమి చూడండి.

కాజా_బటన్
లేబుల్ తర్వాత కుట్టి ఉండొచ్చు కదండీ? గౌను పాతది, ఎవరో కొత్త లేబుల్ పెట్టారనుకుందాం. జిప్పు, మూసిన పైకొస, టాలన్, నూలు టేపు అన్నీ 40లని చెబుతుంటే రెండు అంగుళాల తెల్ల పట్టీ చెప్పిందే నిజమా?

సూదిమొన
అడగాల్సిన ప్రశ్నే. దుకాణం పేరున్న మెడ లేబుల్ పైనుంచి చేత్తో కుట్టింది కావచ్చు, దాన్ని నమ్మకండి. కాని నడుము దగ్గర ఉన్న తెల్ల లేబుల్ రెండు కొసలూ పక్క అతుకు లోపలికి పోయి, అతుకు కుట్టే వాటిని పట్టుకుని ఉందా చూడండి. ఉంటే గౌను కుట్టేటప్పుడే పెట్టారు. తర్వాత పెట్టాలంటే అతుకు విప్పి మళ్ళీ కుట్టాలి, అప్పుడు రెండు దారాలు కనపడతాయి. పైన అతికించి చుట్టూ కుట్టిందైతే కాజా గారి అనుమానం నిలుస్తుంది.

జిప్పు వైపు నుంచి చూస్తే ఎదురు సాక్ష్యం అసలు లేదు. మీరు చెప్పిన నాలుగూ 1961లో కుట్టిన గౌనులో కూడా ఉంటాయి. "40లలో కూడా ఉంటుంది" అన్నది వేరు, "40లలోనే ఉంటుంది" అన్నది వేరు.

అరుణ_లెస్టర్
ఇంగ్లండ్ గౌన్లు కొనేవాళ్ళకి జాగ్రత్త, ఈ RN, ILGWU లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ లేబుల్ మీద CC41 గుర్తు వెతకండి, రెండు సి అక్షరాలు చీజ్ చక్రాల్లాగా, పక్కన 41. అది యుద్ధకాలపు యుటిలిటీ దుస్తుల గుర్తు, 1941లో మొదలై 1952 దాకా నడిచింది. దుకాణదారులు దీన్ని చూసి "యుద్ధకాలం" అంటారు, కాని 1950 గౌనుకీ అదే గుర్తు ఉంటుంది. జిప్పుల మీద లైట్నింగ్, ఏరో పేర్లు ఎక్కువ. నైలాన్ వెళ్ళిన దారి మాత్రం దాదాపు అదే.

శ్రావ్య_ఎడిసన్
తెల్ల లేబుల్ కొసలు అతుకు లోపలే ఉన్నాయి, ఒకే దారం. పక్క అతుకుల మార్జిన్ ఒక్కో వైపు ముప్పావు అంగుళం, పళ్ళ కత్తెర అంచు. చేతి మీద లాగితే పీచు పోతోంది. కింది మడత మీద మెరిసే సన్నటి రిబ్బన్ లాంటి పట్టీ కుట్టి, దాన్ని లోపలికి కనపడని కుట్లతో అంటించారు. ఉతికే లేబుల్ కత్తిరించిన పీచు కొస ఏదీ తగల్లేదు. కాని నడుము అతుకు మాత్రం ఓవర్‌లాక్ చేసి ఉంది, మెరిసే దారంతో. ఇప్పుడు 70లదంటారా?

దర్జీ_మల్లేశ్
ఓవర్‌లాక్ అంటే 70ల తర్వాతేనండి, అందరూ అదే చెబుతారు.

సూదిమొన
మల్లేశ్ గారూ, సగమే నిజం. ఓవర్‌లాక్ మిషన్ పందొమ్మిదో శతాబ్దం చివరినుంచే ఫ్యాక్టరీల్లో ఉంది. అల్లిక బట్టలకి, లోదుస్తులకి అప్పటినుంచే వాడారు. నేసిన గుడ్డ గౌన్లలో మాత్రం 60ల్లో మొదలై 70ల్లో మామూలైంది. ఇళ్ళలో వాడుకునే ఓవర్‌లాక్ మిషన్ 60ల చివర్లో వచ్చినా, అమెరికాలో ఇంటింటికీ చేరింది 80ల్లోనే. కాబట్టి 50ల గౌనులో ఓవర్‌లాక్ కనపడితే అసాధ్యం కాదు, ఆగి చూడాల్సిన చోటు.

ఇక్కడ తేలికగా తేలుతుంది. ఒకే ఫ్యాక్టరీ పక్క అతుకుల్ని పళ్ళ కత్తెరతో, నడుము అతుకుని ఓవర్‌లాక్‌తో ఎందుకు ముగిస్తుంది? రెండు అతుకుల ముగింపు వేరుగా ఉంటే వాటిలో ఒకటి తర్వాత చేసింది అయి ఉండొచ్చు. శ్రావ్య గారూ, నడుము దగ్గర ఈ మూడు చూడండి. అతుకుకి పైన గాని కింద గాని పాత రంధ్రాల వరస ఉందా? మెరిసే దారాన్ని మెల్లగా లాగితే సాగి వెనక్కి వస్తుందా, నూలులా పుటుక్కున తెగుతుందా? నడుము లోపల ఒక పట్టీ కుట్టి ఉందా, లేక ఒకప్పుడు ఉన్న గుర్తులున్నాయా?

ప్రసాద్_నేతశాస్త్రం
దారం గురించి. గౌన్లు కుట్టే దారం చాలాకాలం మెర్సరైజ్డ్ నూలు. పాలిస్టర్ పీచుతో చేసిన, లేదా పాలిస్టర్ చుట్టూ నూలు చుట్టిన కుట్టు దారం 60ల చివరినుంచి మామూలైంది. ఆ దారాన్ని కాల్చి చూడొచ్చు. ఉండ కడితే పాలిస్టర్, కాగితం బూడిద అయితే నూలు.

కొందరు నల్ల లైటు పెట్టి దారం మెరిస్తే కొత్తది అంటారు. బట్టకి తెల్లదనం కోసం వేసే మెరుపు రసాయనాలు యుద్ధం తర్వాత సబ్బుపొడుల్లో వచ్చాయి, అంతవరకు సరే. కాని 1935 నాటి నూలు దారాన్ని కూడా గత నలభై ఏళ్ళలో డిటర్జెంట్‌లో ఒక్కసారి ఉతికితే నల్ల లైటుకి మెరుస్తుంది. మెరవకపోవడం కాస్త పనికొస్తుంది, మెరవడం ఏమీ చెప్పదు.

శ్రావ్య_ఎడిసన్
అతుకు పైన సుమారు పావు అంగుళం ఎత్తులో పాత రంధ్రాల వరస ఉంది, నడుము చుట్టూ. మెరిసే దారం సాగింది, కాలిస్తే ఉండ అయ్యింది. పక్క అతుకు దారం బూడిద అయ్యింది. నడుము లోపల పట్టీ లేదు గాని వీపు దగ్గర చిన్న హుక్కు, దాని పక్కన తెగిన నూలు దారం కొసలు ఉన్నాయి.

సూదిమొన
అయితే నడుము కుట్టు తర్వాతిది. ఎప్పుడో ఒకరు నడుము అతుకు విప్పి, పైభాగాన్ని పావు అంగుళం దించి మళ్ళీ కలిపి, ఓవర్‌లాక్ చేసుకున్నారు. లోపల ఉన్న నడుము పట్టీ ఆ పనిలో పోయింది, హుక్కు దాని ఆనవాలు. పక్క జిప్పు నడుము అతుకుని దాటుతుంది కాబట్టి అక్కడ జిప్పు కుట్టుని అంగుళంన్నర మేర విప్పి మళ్ళీ కుట్టారో లేదో ఒకసారి చూడండి. అక్కడ కూడా మెరిసే దారం కనపడాలి. పడితే లెక్క మొత్తం కలుస్తుంది.

కాబట్టి ఓవర్‌లాక్, పాలిస్టర్ దారం రెంటినీ పక్కన పెట్టాలి. అవి మరమ్మతు చేసిన కాలం చెబుతాయి. మిగిలిన మొదటి భాగాల్లో అన్నిటికన్నా కొత్తది RN లేబుల్, 1960 నడిమి. రేయాన్ పట్టీతో కింది మడత, పళ్ళ కత్తెర మార్జిన్, లోహపు పక్క జిప్పు, ఇంత ఘేరా, ఇవన్నీ కలిసి 60ల చివరికి పోనివ్వవు. 1960 నుంచి 1964 లోపు అంటాను.

కాజా_బటన్
జిప్పు దగ్గర మెరిసే దారం ఉంటే ఒప్పుకుంటాను. కాని 64 ఎందుకు? 62 అనకూడదా? ఘేరా పావడా అప్పటికి తగ్గిపోతోంది.

సూదిమొన
నిటారుగా జారే గౌన్లు అప్పటికి ఎక్కువయ్యాయి, నిజమే. కాని ఫ్యాషన్ రూపం మీద పై హద్దు గీయడం బలహీనమైన పని. పార్టీ గౌన్లలో ఘేరా పావడా మామూలు గౌన్లకన్నా ఆలస్యంగా పోయింది. చిన్న ఊళ్ళ దుకాణాలు కొత్త రూపం కోసం పాత సరుకుని పారేయవు. గౌను చూడకుండా 62 అని నేను అనలేను.

అరుణ_లెస్టర్
సంఘం లేబుల్ ముద్ర చుట్టు అంచు గురించి కూడా మాట్లాడండి. AFL-CIO పేర్లున్న ముద్రలో కూడా 60ల మొదట్లో ఒక మార్పు జరిగిందని, అంచు రంగుని బట్టి 1963కి ముందా తర్వాతా చెప్పొచ్చని సేకర్తలు అంటారు.

సూదిమొన
అంటారు. దగ్గరనుంచి రెండు ముద్రల ఫోటోలు పక్కపక్కన పెట్టకుండా నేను దాని మీద ఏడాది నిలబెట్టను. శ్రావ్య గారూ, ముద్ర మీద ఏ రంగు దారం ఎక్కడుందో స్పష్టంగా ఒక ఫోటో తీయండి. లేబుల్ విప్పొద్దు, వెనకవైపు చూడాలంటే మడిచి చూడండి.

శ్రావ్య_ఎడిసన్
జిప్పు దగ్గర నడుము మీద మెరిసే దారం ఉంది, సరిగ్గా మీరన్నట్టు అంగుళంన్నర. రేపు దుకాణానికి వెళ్ళి "1960ల మొదలు" అని చెప్పి ధర తగ్గించమంటాను, ఒప్పుకోకపోతే వాపసు ఇస్తాను. జిప్పు మధ్యలో బిగుసుకుంటోంది, కొత్త నైలాన్ జిప్పు వేయించమంటారా?

సూదిమొన
వాపసు ఇచ్చే అవకాశం ఉన్నంతవరకు ఏమీ మార్చకండి. ఉంచుకున్నా నైలాన్ వేయించకండి, గౌనులో మొదటి భాగం ఒకటి పోతుంది. బిగుసుకునే లోహపు జిప్పుకి పళ్ళ మీద పొడి మైనం, లేదా కొవ్వొత్తి ముక్క రుద్ది, రన్నర్‌ని పది ఇరవై సార్లు మెల్లగా నడపండి. నూనె వద్దు, నూలు టేపు పీల్చుకుని మరక పడుతుంది. పచ్చటి పొడి కనపడితే ముందు మెత్తటి పళ్ళ బ్రష్‌తో దులపండి.

ప్రసాద్_నేతశాస్త్రం
అసిటేట్ ఇస్త్రీ తక్కువ వేడి మీద, వెనకవైపునుంచి, మధ్యలో గుడ్డ వేసి. వేడెక్కువైతే అక్కడే అద్దంలా మెరిసి, ఆ మెరుపు పోదు. ఎర్రబారిన భుజాలు ఉతికితే వెనక్కి రావు.

శ్రావ్య_ఎడిసన్
ముద్ర ఫోటో పెట్టాను. అంచు చుట్టూ ఎర్రటి దారం లేదు, నీలమే. దీన్ని ఏ వైపు లెక్కేస్తారు, అరుణ గారూ?

అరుణ_లెస్టర్
నా దగ్గరున్న రెండు నమూనాలు ఒకదానికొకటి కలవట్లేదండి. 1963కి ముందనే మొగ్గు చూపుతాను, కాని ఇంకో AFL-CIO లేబుల్, ఏడాది కాగితంతో సహా రుజువైంది, ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.